నాలుగు గోడలు కొలిస్తే గది తెలిసినట్టేనా?

పాత డాబా ఇంట్లో ఒక పడకగది. ఒక గోడ పొడవునా బట్టల బీరువా కట్టించాలని ఇంటివారి కోరిక. ఆర్కిటెక్టు ఆఫీసులో శిక్షణకు చేరిన విద్యార్థిని ఒకరు టేపు పట్టుకుని వెళ్లి గది కొలిచింది. బీరువా నిలబడాల్సిన గోడ 4270 మిల్లీమీటర్లు. ఆఫీసుకు వచ్చి క్యాడ్‌లో గది గీసి, అటూ ఇటూ కలిపి 10 మి.మీ. ఖాళీ వదిలి, బీరువా 4260 అని రాసింది. వడ్రంగి దాన్ని 1420 మి.మీ. చొప్పున మూడు పెట్టెలుగా తయారు చేసి తెచ్చాడు. మొదటి రెండు పెట్టెలు గోడ పక్కన కూర్చున్నాయి. మూడోది సుమారు 13 మి.మీ. తేడాతో ఆగిపోయింది.

గోడను మళ్లీ కొలిచారు. 4270 మి.మీ. వచ్చింది. పెట్టెలను కొలిచారు. మూడూ కలిపి 4260 మి.మీ. ఉన్నాయి. ఏ కొలతా తప్పు కాదు. అయినా 4270 గోడ ముందు 4260 బీరువా పట్టలేదు. వడ్రంగి గది మూలలో తన మూలమట్టం ఆనించి చూసి, "గది మూలకు లేదమ్మా, పక్కకు ఒరిగి ఉంది" అన్నాడు.

ఆర్కిటెక్చర్ విద్యార్థులకు ఐదేళ్ల బి.ఆర్క్ చదువులో కొంతకాలం ఆఫీసులో ప్రత్యక్ష శిక్షణ ఉంటుంది. అక్కడ వారికి మొదట అప్పగించే పనుల్లో ఒకటి, ఉన్న కట్టడాన్ని కొలిచి, చేతి చిత్తు గీసి, దాన్ని క్యాడ్‌లోకి ఎక్కించడం. చూడటానికి ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది. పైన చెప్పిన పడకగదినే ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచి చివరి వరకు చూస్తే, ఇందులో ఎంత రేఖాగణితం ఉందో తెలుస్తుంది.

నులక మంచం చెప్పే పాఠం

గది నాలుగు మూలలకు వరుసగా క, ఖ, గ, ఘ అని పేర్లు పెట్టుకుంటే, విద్యార్థిని కొలిచిన నాలుగు పొడవులు ఇవి: క–ఖ 4270, ఖ–గ 3660, గ–ఘ 4255, ఘ–క 3675. బీరువా వచ్చేది క–ఖ గోడకు. ఎదురెదురు గోడల మధ్య తేడా 15 మి.మీ. మాత్రమే. పాత ఇంట్లో పూత మందంలోనే అంత తేడా ఉండవచ్చని అనుకుని, ఆమె 4270, 3660 కొలతలతో ఒక దీర్ఘచతురస్రం గీసేసింది.

తప్పు జరిగింది ఇక్కడే. నాలుగు భుజాల పొడవులు తెలిసినంత మాత్రాన చతుర్భుజం ఆకారం నిర్ణయం కాదు. నులక మంచాన్ని గుర్తు చేసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కోళ్ల దగ్గర బిగువు తగ్గిన మంచాన్ని ఒక పక్క నుంచి నెడితే చట్రం పక్కకు ఒరుగుతుంది. నాలుగు పట్టెల పొడవుల్లో ఏ మార్పూ ఉండదు. మారేది మూలల కోణాలు, వాటితో పాటు మూల నుంచి ఎదుటి మూలకు ఉన్న దూరం, అంటే కర్ణం. ఒక కర్ణం పెరుగుతుంది, రెండోది తగ్గుతుంది.

త్రిభుజం అలా ఒరగదు. మూడు కర్రలను చివరల దగ్గర మేకులతో కలిపితే, మేకులు వదులుగా ఉన్నా ఆకారం కదలదు. మూడు పొడవులు తెలిస్తే త్రిభుజం ఒక్కటే. పశువుల దొడ్డి తలుపుకు అడ్డంగా ఏటవాలు పట్టీ కొట్టేది ఇందుకే. ఆ పట్టీ చతుర్భుజాన్ని రెండు త్రిభుజాలుగా విడగొట్టి ఆకారాన్ని బిగిస్తుంది. గది కొలతలో కర్ణం చేసే పని కూడా అదే. నాలుగు గోడలకు ఐదో కొలతగా ఒక కర్ణం చేరితేనే గది ఆకారం స్థిరపడుతుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర మొదలుపెట్టిన సర్వే దేశాన్ని త్రిభుజాలుగా విడగొట్టుకుంటూ ముందుకు సాగింది. అక్కడ ఒక ఆధార రేఖను గొలుసుతో జాగ్రత్తగా కొలిచి, ఆ తరువాత థియొడొలైట్‌తో కోణాలు కొలిచేవారు. గది లోపల కోణాలు కొలిచే పరికరం అవసరం లేదు. దూరాలు చిన్నవి కాబట్టి త్రిభుజం మూడు భుజాలనూ టేపుతోనే కొలవవచ్చు.

టేపు కన్నా ముందు పెన్సిలు

ఆఫీసులో సీనియర్ ఆర్కిటెక్టు ఆమెను మళ్లీ అదే గదికి పంపారు. ఈసారి టేపు తీసే ముందు చిత్తు గీయమన్నారు.

చిత్తు అంటే స్కేలు లేకుండా చేత్తో గీసే గది పటం. కొలతలకు సరిపోయే నిష్పత్తి అందులో ఉండనక్కర లేదు. కానీ ఏమేమి ఉన్నాయో అన్నీ కనిపించాలి. తలుపు ఎటువైపు తెరుచుకుంటుంది, కిటికీ ఏ గోడలో ఉంది, మూలలో పైపు ఉందా, గోడలోంచి స్తంభం ముందుకు పొడుచుకు వచ్చిందా, ఇవన్నీ. పేజీ నిండా ఒకే గది ఉండాలి. చిన్నగా గీస్తే అంకెలు ఒకదాని మీద ఒకటి పడి, ఆఫీసుకు వచ్చాక 1 ఏదో 7 ఏదో తెలియదు. గోడ మందాన్ని రెండు గీతలతో చూపించాలి. ఎందుకంటే గోడకు లోపలి ముఖం, బయటి ముఖం అని రెండు ఉంటాయి. ఏ అంకె ఏ ముఖానిదో తెలియకపోతే ఆ అంకె ఉన్నా లేనట్టే.

మూలలకు పేర్లు పెట్టడం కూడా చిత్తులోనే జరగాలి. కాగితం మీద రాసిన "ఖ–గ 3660" అనే మాటకు అర్థం మారదు. "కిటికీ గోడ 3660" అని రాస్తే, రెండు కిటికీలున్న గదిలో అది ఏ గోడో వారం తరువాత రాసినవారికే గుర్తుండదు. కొలిచేది ఒకరు, రాసేది ఒకరు అయితే ఇంకో అలవాటు పనికొస్తుంది. టేపు పట్టినవారు అంకె చెప్పగానే, రాసేవారు దాన్ని పైకి చదివి వినిపించాలి. "మూడు ఆరు ఏడు ఐదు" అని అంకె వెంట అంకె చెబితే పొరపాటు తగ్గుతుంది.

నేల నుంచి ఎంత ఎత్తులో కొలుస్తున్నారో కూడా చిత్తు మీద ఒకసారి రాయాలి. పాత గోడలు నిట్టనిలువుగా ఉండకపోవచ్చు. ఒక గోడను నేల దగ్గర, ఇంకో గోడను నడుము ఎత్తులో కొలిస్తే రెండు కొలతలూ ఒకే పటానికి చెందవు. అడ్డం లేని చోటల్లా నేలకు ఒకే ఎత్తులో, ఉదాహరణకు ఒక మీటరు దగ్గర, కొలవడం మంచిది.

ముక్కలుగా కాదు, ఒకే సున్నా నుంచి

ఘ–గ గోడలో ఒక తలుపు, ఒక కిటికీ ఉన్నాయి. మొదటిసారి వెళ్లినప్పుడు విద్యార్థిని దీన్ని ముక్కలు ముక్కలుగా కొలిచింది. మూల నుంచి తలుపు దాకా 600, తలుపు వెడల్పు 910, తలుపు నుంచి కిటికీ దాకా 915, కిటికీ 1210, కిటికీ నుంచి చివరి మూల దాకా 605. కూడితే 4240. కానీ గోడ మొత్తం 4255. ఆ 15 మి.మీ. ఎక్కడ పోయాయి?

ఏ ఒక్క చోటా పెద్ద తప్పు లేదు. ప్రతి ముక్కకూ టేపును కొత్తగా ఆనించారు, దగ్గరలో ఉన్న 5 మి.మీ. గీతకు సర్దారు. మూడు ముక్కల్లో ఆ సర్దుబాటు ఒకే వైపు పోయింది. అన్నీ కూడేసరికి 15 అయింది. ముక్కలు పెరిగేకొద్దీ ఇలాంటి తప్పు పోగవుతుంది.

రెండోసారి ఆమె టేపు కొసను ఘ మూలలో ఒక్కసారి ఆనించి, చివరి దాకా లాగి, దారిలో వచ్చిన ప్రతి అంచు దగ్గరా టేపు మీది అంకెను చదివింది. తలుపు మొదలు 600, తలుపు చివర 1515, కిటికీ మొదలు 2430, కిటికీ చివర 3645, మూల 4255. ఆఫీసుల్లో దీన్ని రన్నింగ్ డైమెన్షన్ అంటారు. దీనిలోనూ ప్రతి అంకెలో రెండు మూడు మి.మీ. తేడా రావచ్చు. కానీ ఒక అంకెలోని తప్పు తరువాతి అంకెకు అంటుకోదు, ఎందుకంటే అన్నిటికీ సున్నా ఒక్కటే. ముక్కల పొడవులు కావాలంటే తీసివేతతో వస్తాయి: తలుపు 915, మధ్య గోడ 915, కిటికీ 1215, చివరి ముక్క 610.

ఇక్కడ టేపు గురించి ఒక చిన్న మాట. స్టీలు టేపు కొసన ఉండే కొక్కెం కాస్త వదులుగా కదులుతుంది. కొత్తగా చూసినవారు అది చెడిపోయిందని అనుకుంటారు. అలా కదలాలనే దాన్ని చేస్తారు. అంచుకు తగిలించి లాగినప్పుడు కొక్కెం బయటికి జరుగుతుంది. గోడకు ఆనించి నొక్కినప్పుడు తన మందం అంత లోపలికి జరుగుతుంది. అందువల్ల రెండు సందర్భాల్లోనూ సున్నా సరైన చోటే ఉంటుంది. దాన్ని వంచినా, మేకు బిగించి కదలకుండా చేసినా టేపు పాడైనట్టే.

మంచం మీదుగా కర్ణం

ఇక ఐదో కొలత. మొదటిసారి కర్ణం కొలవకపోవడానికి కారణం చాలా మామూలుది. గది మధ్యలో మంచం ఉంది. దాన్ని జరపమని ఇంటివారిని అడగడానికి ఆమె మొహమాటపడింది.

రెండోసారి మంచం మీదుగా టేపును గాలిలో పట్టి క మూల నుంచి గ మూలకు కొలిచింది. 5740 వచ్చింది. సీనియర్ మంచం జరిపించి, టేపును నేల మీద పరిచి కొలవమన్నారు. ఈసారి 5720. టేపు అదే, మూలలు అవే. 20 మి.మీ. తేడాకు కారణం టేపు బరువు.

రెండు చివరలా పట్టుకున్న ఏ తాడైనా మధ్యలో కిందికి వంగుతుంది. ఆ వంపు వెంట ఉన్న పొడవు, రెండు చివరల మధ్య సూటి దూరం కన్నా ఎక్కువ. అందుకే గాలిలో వేలాడే టేపు ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. ఎంత ఎక్కువన్నది టేపు బరువు, పొడవు, లాగే బలం మీద ఆధారపడి ఉంటుంది. 25 మి.మీ. వెడల్పున్న స్టీలు టేపు మీటరుకు దాదాపు 25 గ్రాములు తూగుతుంది. 5.72 మీటర్ల దూరానికి దాన్ని అరకిలో బరువును ఎత్తేటంత బలంతో మాత్రమే లాగితే సుమారు 19 మి.మీ. తప్పు వస్తుంది. లాగుడు రెట్టింపు చేస్తే తప్పు సగం కాదు, నాలుగో వంతుకు, అంటే సుమారు 5 మి.మీ.కు పడిపోతుంది. మళ్లీ రెట్టింపు చేస్తే ఒక మిల్లీమీటరు చిల్లరే మిగులుతుంది. లాగే బలం వర్గానికి విలోమంగా తప్పు తగ్గుతుందన్నమాట. అయితే ఎప్పుడూ ఒకే బలంతో లాగడం చేతికి సాధ్యం కాదు. నేల మీద పరచడమే మేలు.

లేజర్ పరికరానికి ఈ బాధ లేదు. ఎర్ర చుక్కను ఎదుటి గోడ మీద వేసి మీట నొక్కితే దూరం తెర మీద కనిపిస్తుంది. కానీ కర్ణం విషయంలో దానికి వేరే బాధ ఉంది. చుక్క సరిగ్గా మూలలో పడాలి. పూత గుండ్రంగా తిరిగిన మూలలో, లేదా చుక్క ఒక వేలు పక్కకు పడినప్పుడు, అది పక్క గోడ దూరాన్నే మూల దూరంగా చూపిస్తుంది. అందుకే లేజర్‌తో కర్ణాన్ని మూడు నాలుగు సార్లు కొలిచి, అంకెలు దగ్గర దగ్గరగా వస్తున్నాయో లేదో చూడాలి.

చివరగా ఆమె రెండో కర్ణం కూడా కొలిచింది. ఖ నుంచి ఘ మూలకు 5520. ఇప్పుడు రెండు కర్ణాల మధ్య 200 మి.మీ. తేడా ఉంది. గది దీర్ఘచతురస్రమైతే రెండూ దాదాపు 5624 ఉండాలి. ఒకటి దాదాపు 100 పెరిగింది, ఇంకొకటి దాదాపు 100 తగ్గింది. ఒరిగిన నులక మంచంలో జరిగేది సరిగ్గా ఇదే.

క్యాడ్‌లో రెండు వృత్తాలు

క్యాడ్‌లో గదిని స్కేలు తగ్గించకుండా అసలు పరిమాణంలోనే గీస్తారు. 4270 మి.మీ. గోడకు 4270 అనే కొడతారు. ఎన్నో వంతుకు తగ్గించాలన్నది కాగితం మీద ముద్రించేటప్పుడు తేలే విషయం. కాబట్టి మొదట UNITS ఆదేశంతో కొలమానం మిల్లీమీటర్లని నిర్ణయించుకోవాలి. ఒక ఫైలు అంగుళాల్లో, ఇంకొకటి మిల్లీమీటర్లలో ఉంటే, రెంటినీ కలిపినప్పుడు మంచం గది కన్నా పెద్దదిగానో అగ్గిపెట్టెంతగానో కనిపిస్తుంది.

గదిని గీసే పద్ధతి బడిలో కంపాస్‌తో త్రిభుజం గీసిన పద్ధతే. క మూలను సున్నా దగ్గర పెట్టి, క–ఖ గోడను అడ్డంగా గీయాలి. గ మూల క నుంచి 5720 దూరంలో ఉంది. అంటే క కేంద్రంగా 5720 వ్యాసార్ధంతో గీసిన వృత్తం మీద ఎక్కడో ఉంది. అదే గ మూల ఖ నుంచి 3660 దూరంలో ఉంది. అంటే ఖ కేంద్రంగా గీసిన 3660 వృత్తం మీద కూడా ఉంది. రెండు వృత్తాలూ ఖండించుకునే చోటే గ మూల. ఆటోక్యాడ్‌లో ఇది మూడు ఆదేశాలు:

```
LINE 0,0 4270,0

CIRCLE 0,0 5720
CIRCLE 4270,0 3660
```

రెండు వృత్తాలు రెండు చోట్ల ఖండించుకుంటాయి. ఒకటి గోడకు ఇటు, ఒకటి అటు. ఏది సరైనదో క్యాడ్ చెప్పదు, చేతి చిత్తు చెబుతుంది. ఆ తరువాత ఘ మూల కోసం ఇదే పని ఇంకోసారి చేయాలి: క కేంద్రంగా 3675 వృత్తం, గ కేంద్రంగా 4255 వృత్తం. ఖండన బిందువులను గీతలతో కలిపి, వృత్తాలను చెరిపేస్తే గది అసలు ఆకారం మిగులుతుంది.

క్యాడ్ లోపల జరిగే లెక్క కూడా కష్టమైనది కాదు. క నుంచి గ మూల అడ్డంగా ఎంత దూరంలో ఉందో ఈ ఒక్క వరుస చెబుతుంది:

```
x = (5720² − 3660² + 4270²) / (2 × 4270) = 4397.6
```

గోడలు లంబంగా ఉంటే ఈ విలువ 4270 కావాలి. వచ్చింది 4397.6. అంటే ఖ మూల నుంచి గ మూలకు వెళ్లేసరికి గోడ దాదాపు 128 మి.మీ. బయటికి జరిగింది. ఖ దగ్గర కోణం 90 డిగ్రీలు కాదు, 92. క దగ్గర కోణం 90 కన్నా తక్కువ, దాదాపు 87.8. రెండు డిగ్రీల ఒరుగు కంటికి తెలియదు. 1:100 స్కేలులో ముద్రిస్తే 128 మి.మీ. కాగితం మీద ఒక మిల్లీమీటరు చిల్లర. అందుకే పటం చూసి ఎవరికీ అనుమానం రాలేదు.

బీరువా ఎందుకు పట్టలేదో ఇప్పుడు తేలిపోతుంది. బీరువా లోతు 600 మి.మీ. క మూల దగ్గర గోడ లోపలికి ఒరిగి ఉంది కాబట్టి, 600 ముందుకు వచ్చేసరికి అది 23 మి.మీ. గదిలోకి చొచ్చుకు వస్తుంది. పెట్టె ముందు అంచు ఆ గోడకు తగిలి, వెనక అంచు మూలకు 23 మి.మీ. ఇవతలే ఆగిపోతుంది. కాబట్టి 4270 గోడ ముందు మూలమట్టానికి తయారైన పెట్టెకు దొరికే చోటు 4247 లోపే. 4260 పట్టకపోవడంలో వింత లేదు.

వాడని కొలతే పరీక్ష

గదిని గీయడానికి ఐదు కొలతలు చాలు. కానీ విద్యార్థిని దగ్గర ఆరు ఉన్నాయి. రెండో కర్ణాన్ని పటం గీయడానికి ఎక్కడా వాడలేదు. వాడలేదు కాబట్టే అది పరీక్షకు పనికొస్తుంది.

పటం పూర్తయ్యాక DIST ఆదేశంతో ఖ నుంచి ఘ మూలకు దూరం చూస్తే 5524.5 వచ్చింది. ఇంట్లో టేపు చూపింది 5520. తేడా 4.5 మి.మీ. పూత వేసిన పాత గదిలో, చేతి టేపుతో కొలిచినప్పుడు ఐదు నుంచి పది మి.మీ. లోపు తేడా ఆశ్చర్యం కాదు. మొదటి కర్ణంలో 5 మి.మీ. తప్పు ఉంటే గ మూల సుమారు 7 మి.మీ. పక్కకు జరుగుతుంది. కాబట్టి ఈ మేరకు తేడా సహజమే. ఆరు కొలతలూ ఒకదానికొకటి సాక్ష్యం చెబుతున్నాయి.

తేడా పెద్దదైతే దాని అంకె చూసి కారణం ఊహించవచ్చు. సరిగ్గా 100 దగ్గర ఉంటే, కొక్కెం మూలలోకి దూరక టేపును 100 మి.మీ. గీత దగ్గర పట్టుకుని, తరువాత ఆ వంద తీసివేయడం మరిచిపోయి ఉండవచ్చు. 270 లాంటి తేడా ఉంటే అంకెలు తారుమారై ఉండవచ్చు, 3960ని 3690గా రాసినట్టు. ఇరవై ముప్పై మి.మీ. తేడా ఉంటే టేపు వంగిందేమో, మూలలో పైపో చెక్కో అడ్డు వచ్చిందేమో చూడాలి. ఏ కారణమూ దొరకకపోతే మళ్లీ వెళ్లి కొలవాలి. ఆఫీసులో కూర్చుని నాలుగు అంకెలనూ తలా కాస్త సర్ది సరిపెట్టడం మాత్రం పనికిరాదు. అలా సర్దితే తప్పు పోదు, కనిపించకుండా పోతుంది.

క్యాడ్‌లో ఈ దాపరికానికి ఒక తేలికైన దారి కూడా ఉంది. గీసిన గీత పొడవు ఎంతో క్యాడ్ తనే కొలిచి పక్కన అంకె చూపిస్తుంది. గీత 4255 ఉన్నా, ఆ అంకె మీద నొక్కి 4270 అని టైపు చేయవచ్చు. కాగితం మీద అంకె ముచ్చటగా ఉంటుంది. కానీ తరువాత ఎవరైనా ఆ ఫైలు మీదే పలకలు, బీరువాలు అమర్చితే వారికి అందేది అంకె కాదు, గీత. అనుభవం ఉన్న ఆఫీసులు కొలత అంకెను ఇలా చేత్తో మార్చడాన్ని ఒప్పుకోవు. మరో జాగ్రత్త, టేపుతో కొలిచిన అంకెలనూ, లెక్క ద్వారా వచ్చిన అంకెలనూ పటంలో వేరువేరుగా గుర్తించడం. క్యాడ్ 5524.5 అని దశాంశంతో సహా చూపిస్తుంది. ఇంకా అడిగితే ఎనిమిది స్థానాల దాకా చూపిస్తుంది. కానీ ఐదు మిల్లీమీటర్లకు సర్ది చదివిన టేపు నుంచి వచ్చిన లెక్కలో ఆ దశాంశాలకు అర్థం లేదు.

ఈ పద్ధతికి హద్దులు ఉన్నాయి

కర్ణాలు మూలలను సరైన చోట నిలబెడతాయి. మూలల మధ్య గోడ సూటిగా ఉందని మాత్రం హామీ ఇవ్వవు. పాత గోడ మధ్యలో పొట్ట పెట్టి ఉంటే, మూల నుంచి మూలకు దారం బిగించి, దారానికి గోడకు మధ్య ఖాళీని రెండు మూడు చోట్ల కొలవాలి. గోడ పైనుంచి కిందికి ఒరిగి ఉందో లేదో తూకపు గుండు చెబుతుంది. బీరువా పైకప్పు దాకా వెళ్లేదైతే ఈ రెండూ తప్పవు.

గోడ మందం కూడా ఊహించకూడదు. ఇటుక గోడ అనగానే విద్యార్థులు 230 అని గీస్తారు. అది ఇటుకపని మందం మాత్రమే. రెండు వైపులా పూత కలిస్తే 255 చుట్టుపక్కల ఉంటుంది. తలుపు గుమ్మం దగ్గర గోడ అంచు కనిపించే చోట కొలిస్తే అసలు మందం తెలుస్తుంది. ఒక గది లోపలి పొడవు, మధ్య గోడ మందం, పక్క గది లోపలి పొడవు కూడితే ఇంటి బయటి కొలతతో సరిపోవాలి. ఒక్కో గోడ దగ్గర 25 మి.మీ. తగ్గిస్తే నాలుగు గోడల ఇంటికి 100 మి.మీ. తేడా వస్తుంది. బయటి కొలత ఇక్కడ రెండో కర్ణం చేసిన పనే చేస్తుంది.

ఇంకో హద్దు ఏమిటంటే, ఇంత శ్రమ ప్రతి కట్టడానికీ అవసరం లేదు. కొత్తగా కట్టే ఇంట్లో మేస్త్రీలు పునాది గుర్తు పెట్టేటప్పుడే మూడు, నాలుగు, ఐదు అడుగుల దారంతో మూల లంబంగా ఉందో లేదో చూస్తారు. మూడుకు మూడు, నాలుగుకు నాలుగు హెచ్చించి కూడితే ఐదుకు ఐదు హెచ్చించినంత వస్తుంది, కాబట్టి ఆ మూల 90 డిగ్రీలే. అలాంటి చోట కర్ణాలు కొలిస్తే రెండూ దాదాపు ఒక్కటే వస్తాయి. అయితే ఆ సంగతి కొలిచాకే తెలుస్తుంది.

పడకగది విషయానికి వస్తే, విద్యార్థిని కొత్త పటంలో పెట్టెలను 1410 మి.మీ. చొప్పున, మూడూ కలిపి 4230గా చూపింది. క మూల వైపు ముందు భాగంలో 10 మి.మీ., ఖ మూల వైపు ముందు భాగంలో 28 మి.మీ. సందులు మిగిలాయి. వాటిని మూసే చెక్క పట్టీల వెడల్పులు కూడా పటంలోనే రాసింది. వడ్రంగి పాత పెట్టెలను విప్పి, ఒక్కోదాన్ని 10 మి.మీ. తగ్గించి మళ్లీ బిగించాడు. మంచం ఐదు నిమిషాలు జరిపి ఉంటే ఈ కోత అవసరమయ్యేది కాదు.